మామిడి ఐస్‌క్రీమ్: మిక్సీలో ఎన్నిసార్లు తిప్పాలి, అసలు తిప్పాలా?

పెరటి జామ:
లీటరు ఫుల్ క్రీమ్ పాలు ఒక పొంగు రానిచ్చి చల్లార్చాను. 90 గ్రాముల పంచదార, పావుకిలో బంగినపల్లి గుజ్జు కలిపి స్టీలు డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టాను. గంటకోసారి నాలుగుసార్లు మిక్సీలో తిప్పాను. అయినా పంటి కింద ఐసు కరకరమంటోంది. మా అత్తగారేమో ఆరుసార్లు తిప్పాలంటారు, తోడికోడలు అసలు తిప్పొద్దంటుంది. ఎవరి మాట వినాలి?

డల్లాస్ బాబాయ్:
తోడికోడలిదే కరెక్టమ్మా. విప్పింగ్ క్రీమ్ 300 మిల్లీలీటర్లు నురగ నిలబడేదాకా గిలక్కొట్టి, 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ కలిపి ఫ్రీజర్‌లో పడెయ్యి. మళ్లీ ముట్టుకోవద్దు. లోపల గాలి ఉంటే ఐసు కట్టదు, అంతే సంగతి. మేం ఇక్కడ పదేళ్లుగా ఇలాగే చేస్తున్నాం.

వంటింటి లెక్కలు:
బాబాయ్ గారి పద్ధతి మంచిదే, చెప్పిన కారణమే సగం నిజం. గాలి ఉంటే ఐసు పలుకులు ఒకదానికొకటి అతుక్కోకుండా కొంత అడ్డం పడుతుంది కానీ, ఐసు కట్టడం ఆగదు. ఆయన డబ్బాలో అసలు నీళ్లే తక్కువ. 36 శాతం కొవ్వున్న క్రీమ్, అప్పటికే నీళ్లు ఇగిరిపోయిన కండెన్స్‌డ్ మిల్క్ కలిస్తే మొత్తంలో సగం కూడా నీళ్లుండవు. మన దగ్గర చిన్న డబ్బాల్లో దొరికే 25 శాతం కొవ్వు క్రీమ్‌తో ఇదే చేద్దామంటే నురగే నిలవదు.

నేను ఒక డైరీలో ఐస్‌క్రీమ్ వైపు పదకొండేళ్లు పనిచేశాను. అక్కడ మిషన్ కన్నా ముందు చూసేది మిశ్రమంలో నీళ్లెన్ని అని. జామ గారి లెక్కే వేద్దాం. లీటరు పాలు 1030 గ్రాములు తూగుతాయి, అందులో సుమారు 875 నీళ్లే. పావుకిలో గుజ్జులో ఇంకో 205. పంచదారతో కలిపి మొత్తం 1370 గ్రాములైతే అందులో 1080 నీళ్లు. అంటే నూటికి 79. దీన్ని నాలుగుసార్లు కాదు, నలభైసార్లు తిప్పినా కరకరలాడుతుంది.

ఇప్పుడు అదే పాలను అడుగు మందమున్న గిన్నెలో, సన్నని సెగ మీద, గీకుతూ 500 గ్రాములయ్యేదాకా మరిగించండి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకుంటే మధ్యలో తూచి చూసుకోవచ్చు. పంచదార దింపేటప్పుడు వేయండి. గుజ్జును విడిగా పాన్‌లో 250 నుంచి 150 గ్రాములకు దగ్గర పడనివ్వండి. గరిటెతో గీత గీస్తే కాసేపు పూడకుండా ఉండాలి. రెండూ చల్లారాకే కలపాలి. మొత్తం 740 గ్రాములు, అందులో నీళ్లు 450, అంటే నూటికి 61. దుకాణపు ఐస్‌క్రీమ్ కూడా ఇంచుమించు ఇక్కడే ఉంటుంది.

ఇక మిక్సీ సంగతి. గడ్డ ఎంత తొందరగా కడితే పలుకులు అంత సన్నగా వస్తాయి. మిక్సీ ఆ పలుకుల్ని విరగ్గొడుతుంది, నిజమే. కానీ బ్లేడు వేడికి, వెచ్చని జారుకి సన్నవి ముందు కరిగిపోతాయి. ఆ నీళ్లు మళ్లీ గడ్డకట్టేటప్పుడు మిగిలిన పెద్దవాటికే పట్టుకుంటాయి. మీ మూడో, నాలుగో తిప్పుడు చేసింది అదే. జారును కూడా ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరచండి. అంచులు రెండు వేళ్ల మందం గట్టిపడి మధ్యలో ఇంకా జావగా ఉన్నప్పుడు ఒక్కసారి, ఇరవై సెకన్లు చాలు. మహా అయితే రెండుసార్లు. తర్వాత ముందే చల్లబరిచిన వెడల్పు స్టీలు పళ్లెంలో అంగుళం మందాన పరిచేయండి. లోతు డబ్బాలో పోస్తే నడిమి భాగం గడ్డకట్టడానికి గంటలు పడుతుంది, పెద్ద పలుకులన్నీ అక్కడే పుడతాయి.

సీతాఫలం:
మాది వేరే గొడవ. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్నారని నేను పంచదార సగానికి తగ్గించాను. పాలు బాగానే మరిగించాను. అయినా రాయిలా తయారైంది, చెంచా వంగిపోయింది. జామ గారిదీ ఇదే సమస్య అనుకుంటా, పంచదార ఇంకా తగ్గించాలేమో?

వంటింటి లెక్కలు:
తగ్గిస్తే ఇంకా గట్టిపడుతుందండీ. ఫ్రీజర్‌లో కొంత నీరు గడ్డకట్టకుండా మిగిలేది ఆ తీపి కరిగి ఉండబట్టే. తినే ముందు పావుగంట ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకోండి, చెంచా దిగుతుంది. గట్టితనం వేరు, కరకర వేరు. జామ గారిది రెండోది.

నూజివీడు:
లెక్కలు బాగున్నాయి సార్. కానీ సగానికి మరిగించిన పాలతో చేసింది ఐస్‌క్రీమా? కోవా వాసన వస్తుంది, అది కుల్ఫీ. మామిడి గుజ్జు ఉడికిస్తే జామ్ రుచి తప్ప పండు రుచి ఎక్కడిది? మా ఇంట్లో పెద్ద బేసిన్‌లో మూడు కిలోల ఐసు చితక్కొట్టి, కిలో కళ్లుప్పు కలిపి, మధ్యలో స్టీలు గిన్నె పెట్టి, చెక్క గరిటెతో గోడలు గీకుతూ అరగంట తిప్పుతాం. ఆ ఉప్పునీళ్లు మైనస్ 15 దాకా దిగుతాయి. గోడకు పట్టిన పొరను వెంటనే గీకేస్తాం కాబట్టి పలుకు పెరగడానికి టైమే ఉండదు. పాలు మూడో వంతు ఇగిరితే సరిపోతుంది, గుజ్జు పచ్చిదే వేస్తాం.

వంటింటి లెక్కలు:
ఒప్పుకుంటాను, మీరు చేత్తో మిషన్ పని చేస్తున్నారు. ఉప్పునీళ్లు గిన్నెలోకి చిమ్మకుండా చూసుకోగలిగితే ఫ్రీజర్ కన్నా అదే మేలు. కోవా రుచి మాటకు నా దగ్గర జవాబు లేదు. నాకు ఆ రుచే ఇష్టం.

పెరటి జామ:
ఆదివారం చేశాను. పాలు 520 గ్రాముల దగ్గర చెయ్యి నొప్పెట్టి ఆపేశాను. చిక్కగా ఉండాలని నాలుగు చెంచాల పాలపొడి కూడా వేశాను. ఒక్కసారే తిప్పాను. ఐసు కరకర పోయింది! కానీ నాలుగో రోజుకి నాలుక మీద సన్నగా ఇసుకలా తగులుతోంది. మళ్లీ ఐసేనా?

వంటింటి లెక్కలు:
చిటికెడు తీసుకుని నాలుక మీద పెట్టి నమలకుండా ఆగండి. ఐసైతే వెంటనే కరిగిపోతుంది. క్రీమ్ కరిగిపోయాక కూడా నలక మిగిలితే అది పాలలోని చక్కెర.

పెరటి జామ:
మిగిలిందండీ. వేళ్ల మధ్య నలిపినా తెలుస్తోంది.

వంటింటి లెక్కలు:
పాలపొడి పనే. మరిగించిన పాలలో ఆ చక్కెర అప్పటికే అంచుదాకా ఉంది, పైన పొడి పడేసరికి నిలవలో విడిపోయి పలుకు కట్టింది. ఈసారి పొడి మానేయండి. ఇంకో మాట, మీది మంచు పట్టని రకం ఫ్రిజ్ అయితే అది మంచు కరిగించుకోవడానికి రోజులో అప్పుడప్పుడు కాస్త వెచ్చబడుతుంది. డబ్బాను తలుపు దగ్గర కాకుండా వెనక్కి నెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం ఐస్‌క్రీమ్‌కి అంటుకునేలా నొక్కి, మందపాటి తువ్వాలు చుట్టి పెట్టండి.

డల్లాస్ బాబాయ్:
క్రీమ్‌తో అయితే ఈ చెయ్యి నొప్పులేవీ ఉండవు కదా!

నూజివీడు:
క్రీమ్‌లో మామిడి వాసన తేలదు బాబాయ్. చప్పగా, వెన్న తిన్నట్టుంటుంది. మే నెలలో ఒకసారి మా బేసిన్ దగ్గరకి రండి.

పెరటి జామ:
అత్తగారికి ఒక్కసారే తిప్పానని ఇంకా చెప్పలేదు. ఆరుసార్లు తిప్పాననుకుని రెండు కప్పులు తిన్నారు.