రోయాస్ 4 ఉన్నా చేతికి డబ్బు రాలేదు: బిడ్డింగ్‌కి అమ్మకం పంపాలా, మార్జిన్ పంపాలా?

చిత్తూరు బెల్లం: గానుగ నూనె, బెల్లంపొడి ఆన్‌లైన్‌లో అమ్ముతా ఉండా. గూగుల్ యాడ్స్‌లో రోయాస్ 4, అంటే యాడ్‌కి పెట్టిన రూపాయికి నాలుగు రూపాయల అమ్మకం చూపిస్తా ఉంది, నెలాఖరుకి బ్యాంకులో ఏమీ మిగల్లేదు. గూగుల్‌కి అమ్మకం విలువ బదులు మార్జిన్ పంపితే మేలా?

తిరుచానూరు లెక్కలు: మేలే. నూనె, బెల్లం కలిపి వెయ్యి రూపాయల ఆర్డర్ తీసుకో. కూపన్ పోతే 900, అందులో 5% జీఎస్టీ తీస్తే 857. సరుకు 560, ప్యాకింగ్ 40, గేట్‌వే 18 పోతే 239. కొరియర్ బెంగళూరుకి 90 అయితే 149 మిగుల్తాది, ఢిల్లీకి 220 అయితే 19. యాడ్ ఖర్చు మాత్రం రెండింటికీ 250. గూగుల్‌కి రెండూ ఒకే వెయ్యిగా కనిపిస్తా ఉండాయి.

కాణిపాకం కుర్రోడు: టార్గెట్ రోయాస్ 6 పెట్టు అన్నా, అయిపోతాది.

తిరుచానూరు లెక్కలు: 6 పెడితే ఆర్డర్‌కి 167 ఖర్చు. బెంగళూరులో కూడా 18 నష్టం, ఢిల్లీ అయితే చెప్పక్కర్లేదు.

యాడ్స్ మాస్టర్: మార్జిన్ పంపితే విలువ ఒక్కసారిగా పడిపోతాది. బిడ్లు తగ్గి యాడ్లే ఆగిపోతాయి. నా క్లయింట్ దగ్గర కళ్ళారా చూసినా.

తిరుచానూరు లెక్కలు: టార్గెట్ 400% అట్నే ఉంచేసింటారు. మార్జిన్ పంపితే 100% దగ్గరే సరికి సరి, అద్దె, జీతాలకి దాని పైన పెట్టుకోవాల. ముందు మార్జిన్‌ని బిడ్డింగ్‌కి వాడని సెకండరీ కన్వర్షన్‌గా పెట్టి కొన్ని వారాలు చూడండి, తర్వాత ప్రైమరీ చేయండి. క్యాష్ ఆన్ డెలివరీ తిరిగొస్తే 55 రోజుల్లోపల ఆర్డర్ ఐడీతో ఆ కన్వర్షన్ వెనక్కి తీయొచ్చు.



కాణిపాకం కుర్రోడు: కొరియర్ బిల్లులో జీఎస్టీ ఇన్‌పుట్ తీసినావా అన్నా, 220లో?

తిరుచానూరు లెక్కలు: తీసే చెప్పినా తమ్ముడూ.

యాడ్స్ మాస్టర్: ఇట్ట పైసా పైసా లెక్కేస్తే అంగడి ఎప్పటికీ పెరగదు.

చిత్తూరు బెల్లం: మాస్టర్, మీ ఫీజు యాడ్ ఖర్చులో శాతమా?

యాడ్స్ మాస్టర్: నా ఫీజు ఎందుకు తెస్తావు? బెల్లం కొన్నోళ్ళు మళ్ళీ కొంటారు. మొదటి ఆర్డర్‌లో నష్టపోయినా తర్వాత యాడ్ లేకుండా వస్తారు. మీరు ఒక్క ఆర్డర్ దగ్గరే ఆగిపోతా ఉండారు.

తిరుచానూరు లెక్కలు: ఈ మాట ముందే చెప్పింటే ఇంత గొడవ లేదు. బెంగళూరులో 101 పోగొట్టుకుంటే ఒక్క రిపీట్ ఆర్డర్‌తో తిరిగొస్తాది. ఢిల్లీలో పోయేది 231, రిపీట్‌కి కూడా మళ్ళీ 220 కొరియర్, మిగిలేది 19. పదమూడు ఆర్డర్లు కొంటే గానీ పూడదు. బెల్లం, మీ కస్టమర్ లిస్టులో ఊరి వారీగా 90 రోజుల్లో మళ్ళీ కొన్నోళ్ళు ఎంతమందో తీయండి.

చిత్తూరు బెల్లం: తీస్తా. రోజుకి అయిదారు ఆర్డర్లే. ఇంత తక్కువతో గూగుల్ ఏం నేర్చుకుంటాది?

తిరుచానూరు లెక్కలు: నిదానంగానే. అందాక ఢిల్లీ వైపు వేరే క్యాంపెయిన్ పెట్టి బడ్జెట్ బిగించండి.

యాడ్స్ మాస్టర్: ఢిల్లీలోనే ఆర్డర్లు ఎక్కువ. అది బిగిస్తే నెలకి సేల్స్ సగమైతాయి, అప్పుడు నన్ను అనొద్దు.