జీడిపిక్కల చార్టులో ఎత్తయిన కొండ ఉన్న ఊరికి రేటు పెంచాలా?

కాశీనగర్_కొనుగోలు
మాది గజపతి జిల్లా కాశీనగర్ వైపు. ఊళ్ళ నుంచి జీడిపిక్కలు కొనే సంఘంలో లెక్కలు చూస్తాను. ఈసారి 12 ఊళ్ళ నుంచి శాంపిల్ తీసి ఒక్కో పిక్కా విడిగా తూచాం. మా ఆఫీసు కుర్రాడు R లో రిడ్జ్‌లైన్ చార్టు గీశాడు. ఊరికో కొండ, ఒకదాని వెనక ఒకటి. అన్నిటికన్నా కింది వరసలో ఉన్న ఊరి కొండ బాగా ఎత్తు, దాని శిఖరం నాలుగున్నర గ్రాముల దగ్గర ఉంది. అక్కడ మంచి సరుకు ఎక్కువ ఉన్నట్టేనని, రేటు పెంచుదామని మా పెద్దాయన అంటున్నారు. సరేనా?

బరంపురం_సూపర్‌వైజర్
ఎత్తుకి అర్థమే లేదు, అసలు చూడొద్దు. ఈ కొండల బొమ్మలు చూడ్డానికి బాగుంటాయి తప్ప లెక్కకి పనికిరావు. ఊరికో బాక్స్ ప్లాట్ గీయించండి. మధ్య గీత ఎవరిది కుడికి ఉంటే వాళ్ళ పిక్క పెద్దది. అంతటితో అయిపోతుంది.

పర్లాకిమిడి_లెక్కలు
ఎత్తుని బట్టి రేటు పెట్టొద్దన్నంత వరకు మీ మాట నిజం. అర్థమే లేదనడం మాత్రం సరికాదు. కుర్రాడు ఏమీ మార్చకుండా గీస్తే ప్రతి కొండ కింద వైశాల్యం ఒకటే ఉంటుంది, 15 పిక్కలు తూచినా 200 తూచినా. కాబట్టి ఎత్తు చూసి సరుకు ఎంత వచ్చిందో చెప్పలేం. పిక్కలన్నీ ఇంచుమించు ఒకే బరువుంటే కొండ సన్నగా ఎత్తుగా లేస్తుంది, రకరకాల బరువులుంటే పరుచుకుని పొట్టిగా ఉంటుంది. పిక్క పెద్దదా చిన్నదా అన్నది శిఖరం కింది గీత మీద ఎక్కడుందో చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు మీ ఊరి సంగతి చూడండి. నాలుగున్నర గ్రాముల దగ్గర సన్నటి ఎత్తు కొండ అంటే ఆ ఊళ్ళో దాదాపు అన్నీ పాత విత్తనం చెట్ల చిన్న పిక్కలే అన్నమాట. మీ పెద్దాయన లెక్కన వెళ్తే చిన్న పిక్కలకే రేటు పెంచినట్టవుతుంది.

బాక్స్ ప్లాట్‌తో వచ్చే చిక్కు వేరు. ఒక ఊళ్ళో సగం పాత చెట్లు, సగం అంటు మొక్కలు ఉన్నాయనుకోండి. పాతవాటి పిక్క నాలుగున్నర దగ్గర, అంటువి ఏడున్నర దగ్గర. బాక్స్ ఆ రెంటి మధ్యా పెద్దగా పరుచుకుంటుంది, మధ్య గీత ఆరు గ్రాముల దగ్గర పడొచ్చు. ఆ ఊళ్ళో ఆరు గ్రాముల పిక్క దాదాపు ఉండదు. రిడ్జ్‌లైన్‌లో అయితే రెండు శిఖరాలూ కళ్ళకు కనిపిస్తాయి. మీకు కావలసింది అదే, ఎందుకంటే అలాంటి ఊళ్ళో పిక్కలు జల్లించి రెండు రేట్లకి కొనొచ్చు.

గుణుపురం_మాస్టారు
నేను మా స్కూల్లో తరగతుల వారీగా మార్కులకి ఇదే బొమ్మ గీశాను. తొమ్మిదో తరగతి కొండ 100 దాటి 108 దాకా పోయింది! వందకి పెట్టిన పరీక్షలో 108 ఎలా వస్తాయి? పిల్లల మార్కులు ఎవరో తప్పు ఎక్కించారని టీచర్లందరినీ అడిగాను. పిక్కల విషయంలో కూడా ముందు ఎంట్రీలు సరిచూసుకోవాలి.

పర్లాకిమిడి_లెక్కలు
మాస్టారూ, మీ ఎంట్రీలు సరిగానే ఉండొచ్చు. ఆ గీత నేరుగా మార్కులది కాదు, వాటిని నునుపు చేసి గీసింది. 98 వచ్చిన పిల్లవాడి చుట్టూ కూడా అటూ ఇటూ కొంత పరుస్తుంది, ఆ పరుపు వంద దాటిపోతుంది. `from = 0, to = 100` అని ఇస్తే అక్కడ ఆగుతుంది. పిక్కల కొండ తోక మూడు గ్రాముల కిందకి పోయినా అంతే, అంత చిన్న పిక్క దొరికిందని కాదు.

ఎంత నునుపు చేయాలన్నదే అసలు మెలిక. R లో `Picking joint bandwidth of` అని ఒక అంకె వస్తుంది. ఒక్కో పిక్కని అటూ ఇటూ ఎంత పరచాలో చెప్పే బ్యాండ్‌విడ్త్ అది. ఒక్కో ఊరికి తగిన బ్యాండ్‌విడ్త్ లెక్కగట్టి, వాటి సగటుని అన్ని ఊళ్ళకీ వాడుతుంది. ఇందాక చెప్పిన సగం సగం ఊరినే తీసుకోండి. 200 పిక్కలు, ఒక్కో రకంలో ప్రామాణిక విచలనం అర గ్రాము అనుకుంటే దాని బ్యాండ్‌విడ్త్ దాదాపు 0.49 వస్తుంది. ఒకే రకం ఉన్న ఊరికి 0.16 చాలు. కలగలుపు ఊళ్ళు ఎక్కువైతే సగటు పైకి పోతుంది, ఒకే రకం ఊళ్ళ కొండలు ఉన్నదానికన్నా లావుగా, పొట్టిగా కనిపిస్తాయి. అంటే ఎత్తు పక్క ఊళ్ళని బట్టి కూడా మారిపోతోంది.

కాశీనగర్_కొనుగోలు
అక్కా, పెద్దాయనకి ఇదంతా చెప్పాను, ఎత్తు గొడవ వదిలేశారు. ఇప్పుడు ఇంకోటి పట్టుకున్నారు. అన్నిటికన్నా పైన ఉన్న ఊరికి నాలుగున్నర దగ్గర కొండ, ఏడున్నర దగ్గర చిన్న మిట్ట ఉన్నాయి. అక్కడ అంటు తోటలు కాపుకొచ్చాయంటున్నారు. ఆ ఊరి నుంచి తూచినవి 15 పిక్కలే.

పర్లాకిమిడి_లెక్కలు
15 లో ఒక్క పెద్ద పిక్క ఉంటే చాలు తమ్ముడూ, ఆ మిట్ట లేస్తుంది. కొండ వైశాల్యంలో పదిహేనో వంతు ఆ ఒక్కదానిదే కదా. 200 పిక్కల ఊళ్ళో అలాంటి పిక్క ఒకటి పడితే కంటికి ఆనదు. నునుపు గీత ఎన్ని పిక్కల మీద నిలబడిందో దాచేస్తుంది, అందుకే పిక్కలని కూడా చిన్న గీతలుగా వేయించండి:

```r
ggplot(pikkalu, aes(baruvu, reorder(ooru, baruvu, median))) +
  geom_density_ridges(
    scale = 0.9, bandwidth = 0.2,
    jittered_points = TRUE, point_shape = "|", point_size = 2,
    position = position_points_jitter(width = 0, height = 0))
```

`scale = 0.9` ఎందుకంటే, ఏమీ ఇవ్వకపోతే అది 1.8 ఉంటుంది, కొండలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కింది వరస ముందు ఉంటుంది, పై వరసని కప్పేస్తుంది. మీ ఎత్తు కొండకి సరిగ్గా పైన అంటు తోటల ఊరు ఉంటే, ఆ ఊళ్ళో నాలుగున్నర దగ్గర ఉన్న చిన్న పిక్కల మిట్ట దాని వెనకపడి కనిపించదు. అన్నీ పెద్ద పిక్కలే అనుకుని కొనేస్తారు. ఊళ్ళని పేర్ల వరసలో కాకుండా మధ్య బరువు వరసలో పెట్టించండి. ఈ కొండలు గీసే `ggridges` ప్యాకేజీతో వచ్చే, అమెరికాలోని లింకన్ పట్టణం 2016 ఉష్ణోగ్రతల బొమ్మ అంత సులువుగా అర్థమవడానికి కారణం నెలలకి ఒక వరస ముందే ఉండడం. ఊళ్ళకి ఆ వరస మనమే ఇవ్వాలి.

బరంపురం_సూపర్‌వైజర్
15 పిక్కల ఊరికి కొండే గీయకూడదు, చుక్కలు పెట్టి వదిలేయాలి. పైగా 0.2 అని మీరెలా చెప్పగలరు? 0.1 పెడితే ఇంకో నాలుగు మిట్టలు లేస్తాయి, 0.5 పెడితే ఉన్నవీ పరుచుకుపోతాయి. చూసేవాడి చేతిలో బొమ్మ మారిపోతుంటే దాని మీద డబ్బు లెక్క ఎలా పెడతాం?

పర్లాకిమిడి_లెక్కలు
15 పిక్కల ఊరికి చుక్కలే మేలు, ఒప్పుకుంటాను. 0.2 ఒకే రకం ఊరికి వచ్చిన 0.16 కి దగ్గర అని పెట్టాను. 0.15, 0.2, 0.3 మూడూ గీసి చూడమనండి, మూడింటిలోనూ నిలిచిన శిఖరాన్నే లెక్కలోకి తీసుకోవాలి. మిట్టలు లెక్కపెట్టి రేటు పెట్టమని నేను అనను. ఏ ఊళ్ళో సరుకు జల్లించాలో తేల్చుకోవడానికైతే ఇంతకన్నా మంచి బొమ్మ నాకు తెలీదు.

రాయగడ_పిక్కల_కొట్టు
మీరందరూ పిక్క బరువే చూస్తున్నారు. ఆ శిఖరం కుడికి పోయిందంటే పిక్క పెద్దదనేనా? రెండు మూడు రోజులు ఎండలో వేయని పిక్క తడికే బరువు తూగుతుంది. ఒక ఊరిది ఎండబెట్టి, ఇంకో ఊరిది చెట్టు కింద ఏరిన వెంటనే తూచి ఉంటే కొండ మొత్తం జరిగిపోతుంది. 80 కేజీల బస్తాకి పప్పు ఎంత దిగుతుందన్నదే మాకు రేటు. కాశీనగర్ తమ్ముడూ, 12 ఊళ్ళ పిక్కలూ ఒకేలా ఎండాకే తూచారా?

కాశీనగర్_కొనుగోలు
ఎనిమిది ఊళ్ళవి గోదాములో ఎండబెట్టాక తూచాం అన్నా. నాలుగు ఊళ్ళవి రైతు కళ్ళంలోనే తూచారట, 15 పిక్కల ఊరు అందులో ఒకటి. ఆ నాలుగూ ఎండబెట్టి, ఊరికి 100 పిక్కలకి తగ్గకుండా మళ్ళీ తూచమని చెప్పాను. రేటు సంగతి అప్పటిదాకా ఆపమంటే పెద్దాయన ఇంకా ఊ అనలేదు.