“మార్చిలోనే చెప్పాను” అని రాస్తే 180 పౌండ్లు పోయాయి

ఆమదాలవలస: అందరికీ నమస్కారం. బర్మింగ్‌హామ్ వచ్చి రెండు నెలలైంది. పడగ్గది గోడకి చెమ్మ పట్టి బూజొస్తోంది. ఓనరుకి ఇలా రాశాను: “ఐ యామ్ ఫేసింగ్ దిస్ ప్రాబ్లమ్ సిన్స్ టూ మంత్స్. ఐ టోల్డ్ యూ ఇన్ ద ఫస్ట్ వీక్ ఓన్లీ. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.” పంపేముందు తప్పులుంటే చెప్పండి.

బొబ్బిలి: తమ్ముడూ, ముందా “ఓన్లీ” తీసెయ్. నేను దానికి డబ్బు కట్టినోణ్ణి. నాదీ బూజు గొడవే. జనవరిలో మొదలైందని పైన రాసి, కింద “ఐ ఇన్ఫార్మ్‌డ్ యూ ఇన్ మార్చ్ ఓన్లీ” అన్నాను. మార్చిలోనే చెప్పేశాను కదా, ఇన్నాళ్లూ ఏం చేశారని నా కోపం. ఏజెంటు చదువుకున్నది వేరు: మార్చి దాకా నోరు విప్పలేదని. “ఆలస్యం మీదే, పెయింటు ఖర్చూ మీదే” అని ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో 180 పౌండ్లు కోసేశారు. ఆ మెయిలు ఆఫీసులో ఒకావిడకి చూపిస్తే ఆవిడా ఏజెంటు మాటే అంది!

మన “లోనే”లో ఉన్న ఏకారాన్ని ఓన్లీ మొయ్యలేదు. రాసేముందు తెలుగులో “మాత్రమే” పెట్టి చూసుకో. “మొదటి వారంలో మాత్రమే చెప్పాను” అంటే నీ అర్థం పోయింది కదా? అంటే అక్కడ ఓన్లీ రాదు. “ఐ ఫస్ట్ రిపోర్టెడ్ దిస్ ఆన్” అని తేదీ వేసెయ్.

పలాస: డిపాజిట్ అంటే గుర్తొచ్చింది. ఇంగ్లండులో ఓనరు 30 రోజుల్లోగా దాన్ని ప్రొటెక్షన్ స్కీములో పెట్టాలి. పెట్టాడా? ముందది కనుక్కో.

ఆమదాలవలస: పెట్టాడండి, కాగితం వచ్చింది. నా బాధ ఉత్తరం గురించి.

రాజాం: “సిన్స్” అసలు వాడకూడదు. “ఫర్ టూ మంత్స్” అని మార్చు, చాలు. కైండ్లీ కూడా తప్పే.

బొబ్బిలి: చాలదు మాస్టారూ. “ఐ యామ్ ఫేసింగ్ ఫర్ టూ మంత్స్” అన్నా కుంటుతుంది. “రెండు నెలల నుంచి పడుతున్నాను” అని మనం వర్తమానంలో అంటాం, వాళ్లకి “ఐ హేవ్ బీన్” కావాలి. సిన్స్ తప్పు కాదు. రెండు నెలలు అంటే ఫర్, ఫలానా తేదీ నుంచి అంటే సిన్స్. కైండ్లీ కూడా తప్పు కాదు గానీ, ఇక్కడ నోటీసిచ్చినట్టు వినబడుతుంది.

రాజాం: మా మేనేజరు ఇంగ్లీషాయనే, రోజూ కైండ్లీ రాస్తాడు.

బొబ్బిలి: ఆయన మేనేజరు కదా మరి.

చీపురుపల్లి: నేను ఇరవయ్యేళ్లుగా “డూ ద నీడ్‌ఫుల్” రాస్తున్నాను, పనులవుతూనే ఉన్నాయి. అదీ పాత ఇంగ్లీషు దొరల మాటే, మనం పుట్టించింది కాదు.

బొబ్బిలి: దొరలదే, కాదన్లేదు. కానీ బూజు తుడవాలా, చెమ్మ ఎక్కణ్ణుంచో వెతకాలా? ఆ మాటలో అదెక్కడుంది? మనిషిని పంపమని, ఏ రోజులోగా అని రాయాలి.

ఆమదాలవలస: మార్చానండి: “దేర్ హేజ్ బీన్ మోల్డ్ ఆన్ ద బెడ్‌రూమ్ వాల్ ఫర్ టూ మంత్స్. ఐ ఫస్ట్ రిపోర్టెడ్ ఇట్ ఆన్ సిక్స్త్ సెప్టెంబర్. ప్లీజ్ సెండ్ సమ్‌వన్ టు ఇన్‌స్పెక్ట్ ఇట్ బై ఫ్రైడే.” చివర్లో “ఐ హేవ్ ఎ డౌట్ అబౌట్ ద హీటింగ్ బిల్” అని కూడా అడగనా?

బొబ్బిలి: ఓరి బాబూ ఆగు! అలా రాస్తే బిల్లు మీద అనుమానం అంటున్నావనుకుంటాడు. “క్వశ్చన్” అను.