అప్‌డేట్: సూపర్‌వీనియన్స్, మల్టిపుల్ రియలైజబిలిటీ ఒకదాన్నొకటి కొట్టేస్తాయా?

నా పాత ప్రశ్న: "మెదడులో తేడా లేకుండా మనసులో తేడా రాదంటారు. మళ్లీ మనిషికీ ఆక్టోపస్‌కీ నరాలు వేరైనా నొప్పి ఒకటే కావచ్చంటారు. రెండూ ఎలా నిజం?"

చిక్కు తీరింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనిచేసింది మార్కుల లిస్టు ఉదాహరణ. మా తమ్ముడిదీ నాదీ పదో తరగతి మెమోలు పక్కన పెట్టుకున్నా. ఇద్దరికీ మొత్తం 512. నాకు లెక్కల్లో 95, వాడికి 78. వాడు తెలుగు, సోషల్‌లో లాగేశాడు. అంటే ఒకే మొత్తం వేర్వేరు మార్కులతో రావచ్చు. ఇది మల్టిపుల్ రియలైజబిలిటీ. కానీ ఏ సబ్జెక్టులోనూ మార్కు మారకుండా మొత్తం మాత్రం 513 కాలేదు కదా! అదే సూపర్‌వీనియన్స్. నేను దాన్ని తిరగేసి, "మొత్తం ఒకటైతే మార్కులూ ఒకటే కావాలి" అని చదువుకున్నా. తప్పంతా అక్కడే.

1967లో తత్వవేత్త హిలరీ పట్నం ఆక్టోపస్‌ను తెచ్చింది కూడా ఆ తిరగేసిన మాట మీదకే: నొప్పి అంటే ఫలానా మెదడు స్థితే అనే వాదం మీదకి. సూపర్‌వీనియన్స్ జోలికి ఆ వాదన వెళ్లదు.

ఆ వాదంలో నొప్పి అంటే ఇవే అని చెప్పే సీ-ఫైబర్లు అనే నరాల పోగులు నిజానికి మెదడులో ఉంటాయా లేదా అని రెండు రోజులు వెతికాను, దండగ. అది ఉదాహరణకి పెట్టిన పేరు మాత్రమే.

ఒకటి మాత్రం మార్కులతో తేలదు. మొత్తం ఎలా వస్తుందో కూడిక చెబుతుంది. నరాల నుంచి నొప్పి ఎలా వస్తుందో సూపర్‌వీనియన్స్ చెప్పదు. అందుకే మనసు వేరు, మెదడు వేరు అనే ద్వైతవాదుల్లోనూ కొందరు దాన్ని ఒప్పుకోగలరని మా లెక్చరర్ అన్నారు.