మూడు గంటల రికార్డింగు, ఒక నిమిషం మాంటేజ్: డ్రాప్ మీద దెబ్బ పడటం లేదు

బురుజు వీధి (కర్నూలు): ఆదివారం స్క్వాడ్‌తో ఆడిన బీజీఎంఐ మ్యాచ్‌లన్నీ ఫోనులో ఏకబిగిన రికార్డు చేశాను. మూడు గంటల ఫైలు. కంప్యూటర్లో వేసి, సౌండ్ వేవ్‌లో తుపాకీ మోత లేచిన చోటు చూసి క్లిప్పులు కోస్తున్నాను. పాట 128 బీపీఎం. మొదటి మ్యాచ్ క్లిప్పులు పాటకు అతికినట్టు కూర్చున్నాయి. చివరి మ్యాచ్‌లోవి మాత్రం మోత, పాట ఒక్కసారిగా ఊపందుకునే డ్రాప్ మీదే వినిపిస్తోంది, శత్రువు కూలేది అర సెకను తర్వాత. ఎందుకిలా?

హాస్టల్ మేడ (అనంతపురం): లెక్క పెట్టుకుని కోయాలి బ్రో. 60 ఫ్రేముల వీడియోలో 128 బీపీఎం పాటకు బీటుకు 28 ఫ్రేములు. 28కి ఒక కోత పెట్టుకుంటూ పోతే అన్నీ కుదురుతాయి.

పెళ్లి టీజర్ (ప్రొద్దుటూరు): తమ్ముడి లెక్క దగ్గరగా ఉంది కానీ బీటుకు 28.125 ఫ్రేములు. 32 బీట్లకు సరిగ్గా 900 ఫ్రేములు, అంటే 15 సెకన్లు. 28 చొప్పున కోస్తే అక్కడికే 4 ఫ్రేములు ముందుకు జరిగిపోతావు. పాట మీద బీటు బీటుకూ మార్కర్ వేసుకుని, వాటికే కోతలు అంటించాలి.

కర్నూలు తమ్ముడి సమస్య అది కాదు. మొదట్లో బాగుండి, పోనుపోను తేడా పెరుగుతోందంటే అనుమానం ఫైలు మీదే. ఫోను రికార్డర్ ఫ్రేములను సమానమైన వేగంతో తీయదు. ఆట బరువెక్కినప్పుడు కొన్ని తగ్గుతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొన్ని అన్నీ సమానమే అనుకుని పేర్చేస్తాయి. శబ్దం తన దారిన సరిగ్గానే నడుస్తుంది, బొమ్మే పక్కకు జరుగుతుంది. MediaInfoలో ఫైలు తెరిచి `Frame rate mode` దగ్గర `Variable` అని ఉందేమో చూడు. ఉంటే కోతకు ముందే ఇది నడుపు:

```
ffmpeg -i match.mp4 -vf fps=60 -c:v libx264 -crf 18 -c:a copy match60.mp4
```

మూడు గంటల ఫైలు కదా, రాత్రి పెట్టి పడుకో.

దేవుని కడప: మాదీ ఇదే బాధ! మా టోర్నమెంట్ సిక్సర్లతో వీడియో చేశాను. బౌండరీ బయట, సైట్ స్క్రీన్ పక్కన కెమెరా పెట్టాం. బ్యాటు చప్పుడు ఎప్పుడూ ఆలస్యమే. నేనూ ఆ కమాండు నడపాలా?

పెళ్లి టీజర్ (ప్రొద్దుటూరు): అన్నా, వాళ్లు అడిగింది ఫోను ఆట గురించి. అయినా మీది మొదటి బంతి నుంచి చివరిదాకా ఒకే తేడా అయితే ఫైలు తప్పు కాదు, దూరం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కెమెరా 68 మీటర్ల దూరంలో ఉంటే 0.2 సెకను ఆలస్యం. మీరు వేవ్ చూడకండి, బంతి బ్యాటుకు తగిలిన ఫ్రేమును పట్టుకుని మార్కర్ మీద పెట్టండి. చప్పుడును విడదీసి అంత ముందుగా వినిపించేలా జరపండి.

బురుజు వీధి (కర్నూలు): `Variable` అనే ఉంది. మార్చాక చివరి మ్యాచ్ కూడా కుదిరింది, సంతోషం. ఇంకొక చిక్కు: చివరి జోన్‌లో నలుగురిని వరుసగా నాక్ చేశాను. మధ్య వ్యవధి 2.3 సెకన్లు, 1.1, 4.8. డ్రాప్ మీద ఎవరిని పెట్టాలి?

పెళ్లి టీజర్ (ప్రొద్దుటూరు): మొదటివాడిని. వాడికి ముందు నక్కి కూర్చున్న నాలుగైదు సెకన్లు పాట పైకెక్కే భాగానికి ఇవ్వు. అక్కడ కోతలు వద్దు, చూసేవాడు ఎదురుచూడాలి. ఒక బీటు 0.469 సెకను. 2.3 అంటే దాదాపు 5 బీట్లు, వేగం 98 శాతం చేస్తే చాలు, ఎవరూ కనిపెట్టలేరు. 1.1ని 2 బీట్లకు కుదించాలంటే 117 శాతం. పరుగెత్తుతున్న మనిషి మీద అది చెల్లుతుంది, స్కోప్‌లో నిలకడగా చూస్తున్నప్పుడు మాత్రం బయటపడుతుంది. 4.8ని సాగదీయకు. మధ్యలో గోడ చాటుకు వెళ్లి మందు పెట్టుకున్న భాగం తీసేసి 4 బీట్లకు తగ్గించు. మార్కర్ మీద పడాల్సింది కోత కాదు, శత్రువు కూలే ఫ్రేము. కోత దానికి ముందే వచ్చేయాలి, లేకపోతే కన్ను కొత్త బొమ్మను వెతుక్కునేలోపు దెబ్బ అయిపోతుంది.

హాస్టల్ మేడ (అనంతపురం): అసలు మూడు గంటలూ ఎవరు చూస్తారు? నేను ఒక్కో మ్యాచ్ చివర ఫలితం తెర దగ్గరకు దూకి, ఫినిష్‌లు రెండు కన్నా తక్కువ ఉంటే మ్యాచ్ మొత్తం వదిలేస్తాను.

పెళ్లి టీజర్ (ప్రొద్దుటూరు): మంచి పద్ధతే. కానీ ఒకే ఫినిష్ ఉన్న మ్యాచ్‌లో అది 300 మీటర్ల నుంచి కొట్టిన ఏడబ్ల్యూఎం హెడ్‌షాట్ అయితే? నేను ఆ తెరతో పాటు వేవ్‌లో నిశ్శబ్దం తర్వాత ఒంటరిగా లేచిన మోతలను కూడా చూస్తాను.

బురుజు వీధి (కర్నూలు): వేగం మార్చినచోట తుపాకీ మోత పీలగా వస్తోంది. ఆట శబ్దం పూర్తిగా తీసేయనా?

హాస్టల్ మేడ (అనంతపురం): తీసేయ్. పాట ఉందిగా.

పెళ్లి టీజర్ (ప్రొద్దుటూరు): నేనైతే తీయను. వేగం మార్చని క్లిప్పు నుంచి అదే తుపాకీ మోత ఒకటి తెచ్చి, కూలే ఫ్రేము కింద పెడతాను. డ్రాప్‌కు ముందు అర సెకను పాటనే తగ్గించి, ఆ ఒక్క మోతను వినిపించేవాళ్లూ ఉన్నారు. రెండూ చేసి చూసి, ఏది నచ్చిందో ఇక్కడ పెట్టు.

దేవుని కడప: సిక్సర్ల వీడియోకు సినిమా పాట వాడితే హక్కుల నోటీసు వచ్చింది. అది ఎలా తప్పించుకోవాలి?