అప్‌డేట్: జేఏఐఐబీ ఇంక్రిమెంటు జమైంది

నా ప్రశ్న: బ్యాంకు క్లర్కుగా ఉంటూ బ్యాంకు ఉద్యోగుల వృత్తి పరీక్ష జేఏఐఐబీ పాసయ్యాను. దాని ఇంక్రిమెంటు వస్తే ఏటా వచ్చే ఇంక్రిమెంటు తేదీ మారుతుందా? ప్రమోషన్ దానంతటదే వస్తుందా?

అప్‌డేట్: తేదీ మారలేదు. ఇది అదనపు మెట్టు మాత్రమే. మూలవేతనం ఒక దశ పెరిగింది, దానిపై కరువు భత్యమూ పెరిగింది. సర్టిఫికెట్ సమర్పించి దరఖాస్తు చేశాకే జమైంది, కాబట్టి ఫలితం వచ్చిన వెంటనే ఇవ్వండి. క్లర్కులకు దీని తర్వాతి పరీక్ష సీఏఐఐబీతో మరో రెండు ఇంక్రిమెంట్లు వస్తాయి, అందుకే ఇప్పటికే చదవడం మొదలుపెట్టాను. స్కేలు చివరి దశకు చేరినవారికి మాత్రం ఇంక్రిమెంటుకు చోటుండదు. వారికి వృత్తి అర్హత భత్యం ఉంది.

ప్రమోషన్ సంగతి వేరు. అది ఒక్కో బ్యాంకు సొంత విధానం. సర్టిఫికెట్‌కు మార్కులిస్తారా, సర్వీసులో సడలింపా అన్నది ఆ ఏటి ప్రమోషన్ సర్క్యులర్‌లోనే చూడాలి.