“మూసిన పాత్ర” అంటే గట్టి పాత్రేనా? ఆర్గాన్ ప్రశ్న మీద చర్చ

పటమట నుంచి ఒక అమ్మ: మావాడి వీక్లీ టెస్టులో వచ్చిన ప్రశ్న ఇది: “PCl5(g) ⇌ PCl3(g) + Cl2(g) సమతాస్థితిలో ఉన్న మూసిన పాత్రలోకి ఆర్గాన్ పంపితే సమతాస్థితి ఎటు జరుగుతుంది?” వాడు ‘కుడికి’ పెట్టాడు. కీలో ‘మారదు’ అని ఉంది, నెగటివ్ మార్కు కూడా పడింది. ‘మూసిన పాత్ర’ అన్న మాటలోనే జవాబు ఉందన్నారట వాళ్ల సార్. నాకు కెమిస్ట్రీ రాదు, తెలుగు వచ్చు. ఆ మాటకి అంత అర్థం ఉందా?

ఇంటర్ సెకండియర్, గుంటూరు: ఎడమకే ఆంటీ. ఆర్గాన్ వెళ్తే ప్రెషర్ పెరుగుతుంది, ప్రెషర్ పెరిగితే మోల్స్ తక్కువున్న వైపుకి పోతుంది. ఎడమ ఒకటి, కుడి రెండు. అంతే.

తెలుగు పండిట్, గుంటూరు: అసలు జడవాయువు అనడమే తప్పు, ఉత్కృష్టవాయువు అనాలి. 1962లోనే జినాన్‌తో సమ్మేళనం తయారుచేశారు. ఇక జడత్వం ఎక్కడిది?

బ్రాడీపేట మాస్టారు: పండిట్ గారూ, ప్రశ్నలో ఆ మాటే లేదు, ఆర్గాన్ అని ఉంది. ఇక్కడ కావలసింది ఆ చర్యలో వేలు పెట్టని వాయువు. ఆర్గాన్ బదులు నైట్రోజన్ పంపినా జవాబు అదే.

బాబూ, నువ్వు చెప్పిన సూత్రం పిస్టన్ నొక్కినప్పుడు పనిచేస్తుంది. నొక్కితే మూడు వాయువుల పాక్షిక పీడనాలూ పెరుగుతాయి. ఆర్గాన్ పంపితే గేజి ముల్లు పెరుగుతుంది గానీ ఆ మూడింటి వాటా పెరగదు.

ఒక మోలు PCl5 తీసుకో. సగం విడిపోయి ఆగిందనుకో, మొత్తం 1.5 మోల్స్, పీడనం 1 బార్. ఒక్కోదాని వాటా 1/3 బార్, Kp కూడా 1/3. ఇప్పుడు 1.5 మోల్స్ ఆర్గాన్ పంపు. పాత్ర గోడలు కదలకపోతే మొత్తం పీడనం 2 బార్ అవుతుంది, ఆ మూడూ మాత్రం 1/3 దగ్గరే ఉంటాయి. ఏమీ జరగదు.

అదే పిస్టన్ వదిలేసి 1 బార్ దగ్గరే ఉంచావనుకో. ఘనపరిమాణం రెట్టింపవుతుంది, ఒక్కో వాటా 1/6కి పడిపోతుంది. (1/6 × 1/6) ÷ 1/6 అంటే 1/6. అది Kp కంటే తక్కువ, కాబట్టి ఇంకొంచెం PCl5 విడిపోవాలి. లెక్క కడితే విడిపోయిన భాగం 50 శాతం నుంచి 62.5కి వెళ్తుంది. సరిచూసుకో: PCl5 0.12 బార్, మిగతా రెండూ 0.2 చొప్పున. 0.04 ÷ 0.12, మళ్లీ 1/3.

అమ్మా, మీవాడు పిస్టన్ ఊహించుకున్నాడు, కీ రాసినాయన గట్టి పాత్ర ఊహించుకున్నాడు.

ఎరువుల ఫ్యాక్టరీ రిటైర్డ్: మా అమ్మోనియా ప్లాంటులో ఇది రోజూ ఉండే తలనొప్పి. గాలిలోంచి వచ్చిన ఆర్గాన్, మిగిలిపోయిన మీథేన్ లూపులో తిరుగుతూ పేరుకుపోయేవి. అక్కడ మొత్తం పీడనం ఒకచోట పట్టి ఉంచుతాం కాబట్టి ఇవి పెరిగినకొద్దీ హైడ్రోజన్, నైట్రోజన్ వాటా తగ్గేది. నాలుగు మోల్స్ రెండయ్యే చర్య కదా, అక్కడ దెబ్బ వెనక్కి! అందుకే కొంత గ్యాసు బయటికి వదిలేవాళ్లం. దాంతోపాటు మంచి హైడ్రోజనూ కొంత పోయేది, ఏం చేస్తాం.

ఇంటర్ సెకండియర్: సరే సార్. మరి ఆర్గాన్ పంపేటప్పుడు టెంపరేచర్ మారితే?

బ్రాడీపేట మాస్టారు: అప్పుడు Kpయే మారిపోతుంది, ఆర్గాన్ లెక్క పక్కకి పోతుంది. PCl5 విడిపోవడానికి వేడి కావాలి, కాబట్టి వేడెక్కితే కుడికే. ఉష్ణోగ్రత స్థిరమని ప్రశ్నలో రాయలేదు, మనమే అనుకోవాలి.

తెలుగు పండిట్: అదే నా బాధ. ‘మూసిన’ అంటే లోపలిది బయటికి పోదని. గోడ కదలదని ఎక్కడుంది? పిస్టన్ ఉన్న సిలిండరూ మూసిందే. పైగా మూసిన పాత్రలోకి ఆర్గాన్ ఎలా పంపారో! ‘స్థిర ఘనపరిమాణం వద్ద’ అని రెండు మాటలు రాస్తే పోయేది.

బ్రాడీపేట మాస్టారు: రాయాల్సిందే. కానీ మూసిన పాత్ర అంటే ఘనపరిమాణం మారదనుకోవడం పరీక్షల్లో అలవాటు. నేనైనా ‘మారదు’ అనే పెడతాను.

తెలుగు పండిట్: అలవాటు వేరు, అర్థం వేరు మాస్టారూ.

పటమట నుంచి ఒక అమ్మ: ఈ లెక్క మావాడికి చూపించాను. సాయంత్రం దాన్ని పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాడు. లెక్క కరెక్టేనన్నారట, కీ మాత్రం మార్చరట. ఆ నెగటివ్ మార్కైనా తీసేయమని అడగనా?

ఇంటర్ సెకండియర్: అడగండి ఆంటీ. నాకూ అదే టెస్టు.